ఆ సున్నా ఎవరి జన్యువుల్లో?

ఈ మధ్య జన్యు సవరణ మీద ఒక ప్రసంగం విన్నాను. సికిల్ సెల్ వ్యాధికి, డీఎన్‌ఏను ఎంచుకున్న చోట కత్తిరించి మార్చే క్రిస్పర్ చికిత్స ఎలా పనిచేస్తుందన్నది అంశం. వక్త విషయం తెలిసిన మనిషి, తొణక్కుండా చెప్పారు. చివర్లో ప్రశ్నలకు సమయమిస్తే ముగ్గురు లేచారు. కత్తెర గురి తప్పి వేరే చోట కోస్తే ఏమిటని ఒకాయన అడిగారు. రోగి సమ్మతి ఎలా తీసుకుంటారని ఒకావిడ అడిగారు. వెనక వరుసలోని కుర్రాడు, ఇంత ఖరీదైన వైద్యం చివరికి ఎవరికి అందుతుందని అడిగాడు. సభాధ్యక్షుడు మూడింటినీ చకచకా మూడు అరల్లో సర్దేశారు. మొదటిది శాస్త్రం, దానికి వక్త జవాబు చెబుతారు. రెండోది నైతిక సమితి చూసుకుంటుంది. మూడోది విధానాల వ్యవహారం, ఈ సభలో తేలేది కాదు.

వక్త ఒక స్లైడు వెనక్కి వెళ్లి చూపించారు. అందులో పెద్ద అక్షరాలతో ఉంది: పరిశీలించిన నమూనాల్లో ఆఫ్ టార్గెట్ కోతలు 0. అడిగినాయన తృప్తిగా తలూపి కూర్చున్నారు.

నా పేచీ ఆ సర్దుబాటుతోనే. డీఎన్‌ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ డేటా చూడటం నా వృత్తి కాబట్టి ఇలాంటి సున్నాలు ఎలా తయారవుతాయో కొంత తెలుసు. అందుకే చెబుతున్నాను: ఆ మూడూ మూడు ప్రశ్నలు కావు. ఆ సున్నా ఎవరి జన్యువుల్లో వెతికితే వచ్చిందని అడిగామా, సమ్మతి సంగతీ ప్రయోజనం సంగతీ అందులోనే తేలతాయి. విడివిడిగా అడిగితే మూడింటికీ మర్యాదైన జవాబులు దొరుకుతాయి, అంతే.

సున్నా తయారయ్యే తీరు

ముందు చికిత్స గురించి రెండు మాటలు. మనం పుట్టిన కొన్ని నెలలకు పిండ దశలోని హీమోగ్లోబిన్ తయారీ తగ్గిపోయి, పెద్దల హీమోగ్లోబిన్ మొదలవుతుంది. సికిల్ సెల్ రోగులలో ఈ రెండో దానిలోనే లోపం. మొదటిది తిరిగి తయారైతే కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. దాన్ని ఆపి ఉంచే మీటలలో ముఖ్యమైనది బీసీఎల్11ఏ అనే జన్యువు. ఎర్ర రక్తకణాలలో ఆ జన్యువును పనిచేయించే చిన్న డీఎన్‌ఏ భాగాన్ని కాస్9 అనే ప్రొటీన్ కత్తెర కత్తిరించి పాడుచేస్తుంది. రోగి రక్తంలోంచి మూలకణాలు తీసి, బయట ప్రయోగశాలలో ఈ కోత వేసి, కీమోథెరపీతో రోగి ఎముక మజ్జను ఖాళీ చేసి, సవరించిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ ఇదే.

కాస్9ను దారి నడిపించేది 20 అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ. అయితే కాస్9 ఆ 20 అక్షరాలను వెతుక్కుంటూ మొదలుపెట్టదు. ముందుగా వరుసగా రెండు 'జీ' అక్షరాలున్న చోటు కోసం చూస్తుంది. అవి కనిపిస్తేనే అక్కడ డీఎన్‌ఏ పోగులను విడదీసి పక్కనున్న 20 అక్షరాలు గైడ్‌తో కలుస్తున్నాయో లేదో చూస్తుంది. ఆ రెండు 'జీ'ల గుర్తునే ప్యామ్ అంటారు. ప్యామ్ లేకపోతే మిగతా 20 అక్షరాలూ సరిగ్గా ఉన్నా కాస్9 సాధారణంగా ముట్టుకోదు. ప్యామ్ ఉండి, అక్షరాల్లో రెండు మూడు తేడా ఉన్నా ఒక్కోసారి కోసేస్తుంది. గురి తప్పడమంటే ఇదే.

మూడు వందల కోట్లకు పైగా అక్షరాలున్న జీనోమ్‌లో ఇలాంటి చోట్లను ఎలా పట్టుకోవాలి? సాధారణంగా మొదట కంప్యూటర్‌తో, పోలిక కోసం అందరూ వాడే రిఫరెన్స్ జీనోమ్ అంతా గాలించి, గైడ్‌ను పోలిన చోట్ల జాబితా తయారు చేస్తారు. విడిగా తీసిన డీఎన్‌ఏ మీదో, కణాల మీదో ప్రయోగాలు చేసి మరికొన్ని చోట్లు కలుపుతారు. తర్వాత, సవరించిన కణాలలో ఆ జాబితాలోని ఒక్కొక్క చోటును లోతుగా సీక్వెన్స్ చేసి, సవరించని కణాలతో పోల్చి చూస్తారు.

ఈ చివరి మెట్టు నా కళ్ల ముందు జరిగేది. తెరమీద ఒకే చోటుకు చెందిన వేల వరుసలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. అక్షరం ఎగిరిపోయిన చోట చిన్న గీత. ఆ గీతలన్నీ కోత వల్ల వచ్చినవి కావు. ఒకే అక్షరం ఏడెనిమిది సార్లు వరుసగా వచ్చే చోట యంత్రమే తడబడి గీతలు పెడుతుంది. నిజమైన కోతకు ఒక గుర్తు ఉంది. కాస్9 ప్యామ్‌కు మూడు అక్షరాల ఇవతల కోస్తుంది కాబట్టి గీతలు ఆ బిందువు చుట్టూ గుమిగూడతాయి, సవరించని నమూనాలో అవి ఉండవు. వంద వరుసల్లో ఒకదానిలో అలా కనిపిస్తే నమ్మకంగా చెప్పగలం. వెయ్యిలో ఒకటి అయితే యంత్రం పొరపాటుకూ కోతకూ తేడా తెలియడం కష్టమవుతుంది. ఇంకా తక్కువైతే ఆ చోటు ఖాతాలో సున్నా పడుతుంది.

వెయ్యిలో ఒకటి అంటే చిన్న సంఖ్యే అనిపిస్తుంది. కానీ ఈ చికిత్సలో రోగికి కిలో బరువుకు కనీసం 30 లక్షల కణాలు ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి 18 కోట్లు. అందులో వెయ్యో వంతు లక్షా ఎనభై వేలు. ఒక చోట దాదాపు అన్నేసి వేల కణాలలో కోత పడి ఉన్నా స్లైడు మీద సున్నా అనే రాయొచ్చు, అది అబద్ధం కూడా కాదు.

ఇక్కడే ఇంకో సంగతి. ప్రశ్న అడిగినాయన 'వేరే చోట' అన్నారు కానీ, గురి పెట్టిన చోటే అనుకోనిది జరగవచ్చు. కోత పడ్డ తర్వాత కణం అతికించుకునే క్రమంలో కొన్నిసార్లు వేల అక్షరాలు ఎగిరిపోతాయని 2018లోనే తేలింది. మనం ఆ చోటును చదవడానికి అటూ ఇటూ అతికించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు ఆనుకునే స్థలం కూడా అందులో పోతే, ఆ ప్రతి డేటాలోకే రాదు. మిగిలినవి శుభ్రంగా కనిపిస్తాయి. పెద్ద నష్టం జరిగిన కణాలే లెక్కలోంచి మాయమయ్యే పద్ధతి ఇది. పొడవైన ముక్కలు చదివే సీక్వెన్సింగ్‌తో చాలావరకు పట్టుకోవచ్చు. చేశారా అన్నది అడిగితే తెలుస్తుంది. ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఒకే ఒక్క అక్షరం

ఇదంతా కొలిచే పద్ధతికి ఉన్న పరిమితి. నన్ను ఎక్కువగా పట్టి కుదిపేది ఆ మొదటి మెట్టు: జాబితా ఎవరి జీనోమ్‌లో వెతికి తయారు చేశారు?

రిఫరెన్స్ జీనోమ్ అనేది నిజంగా ఏ జనసమూహానికీ సగటు కాదు. ఇన్నేళ్లుగా అందరూ వాడుతున్న ప్రతిలో దాదాపు 70 శాతం ఒకే దాత డీఎన్‌ఏ నుంచి వచ్చింది. ఆయన వంశమూలం ఏదైనా కానీ, ఒక్క మనిషి జనం కాడు. అందులో లేని అక్షరం మరొకరిలో ఉంటే, ఆ ఒక్క అక్షరం కొత్త ప్యామ్‌ను పుట్టించవచ్చు.

ఊహించి చెబుతున్నది కాదు. బీసీఎల్11ఏ మీటను కత్తిరించే ఒక గైడ్‌ను తీసుకుని, మనుషుల మధ్య ఉండే జన్యు తేడాలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటూ వెతికే క్రిస్పర్‌మీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక పరిశోధక బృందం తయారు చేసింది. ఫలితాలు 2023లో నేచర్ జెనెటిక్స్‌లో అచ్చయ్యాయి. వాళ్లు ఎంచుకున్నది అనామక గైడ్ కాదు, సికిల్ సెల్‌కూ బీటా థలసీమియాకూ క్లినికల్ ట్రయల్స్‌లో మంచి ఫలితాలిస్తున్న గైడే. జాబితాలో అన్నిటికంటే పైన తేలిన చోటు రిఫరెన్స్ జీనోమ్‌లో వెతికితే బయటపడదు, ఎందుకంటే అక్కడ ప్యామ్ లేదు. సీపీఎస్1 అనే జన్యువు లోపల ఒక అక్షరం మారిన వారిలో మాత్రం అక్కడ ప్యామ్ ఏర్పడుతుంది. ఆఫ్రికా మూలాలున్న జనంలో ఆ మారిన అక్షరం తరచుదనం 4.5 శాతం.

4.5 శాతం అంటే ప్రతి వంద క్రోమోజోమ్ ప్రతులలో నాలుగైదు. మనిషికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు ప్రతులుంటాయి కాబట్టి, కనీసం ఒక ప్రతిలోనైనా అది ఉన్నవారు సుమారు 9 శాతం. పదకొండు మందిలో ఒకరు. దీన్ని అరుదు అనలేం.

కంప్యూటర్ చెప్పినంత మాత్రాన కోత పడాలని లేదు కాబట్టి ఆ బృందం కణాలలోనే చేసి చూసింది. ఆ తేడా ఒక ప్రతిలో మాత్రమే ఉన్న మూలకణాలలో కాస్9ను ప్రయోగించారు. కోతలు సరిగ్గా ఆ ప్రతిలోనే పడ్డాయి. అదే కణంలో పక్కనున్న రెండో ప్రతి చెక్కు చెదరలేదు. ఇంతకంటే శుభ్రమైన రుజువు నేను చూడలేదు. కణం ఒకటే, గైడ్ ఒకటే, ప్రొటీన్ ఒకటే, తేడా అంతా ఒక్క అక్షరమే.

అంతటితో ఆగలేదు. బీసీఎల్11ఏ రెండో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంది, సీపీఎస్1 అదే క్రోమోజోమ్ పొడుగు భుజం మీద ఉంది. రెండు చోట్లా ఒకేసారి తెగితే మధ్యలో ఉన్న దాదాపు 15 కోట్ల అక్షరాల ముక్క తలకిందులై తిరిగి అతుక్కోవచ్చు. కొన్ని కణాలలో అదీ జరిగింది. ఒక్కొక్క చోటును విడిగా చదివే పద్ధతిలో ఇది కనిపించదు, రెండు చోట్లూ కలిసిన అతుకు కోసం ప్రత్యేకంగా వెతకాలి.

గురి మరింత కచ్చితంగా ఉండే కాస్9 రకాన్ని వాడినప్పుడు ఈ కోతలు బాగా తగ్గాయని కూడా అదే పత్రం చెప్పింది. అంటే తెలిస్తే చేయడానికి దారి ఉంది.

నా వాదనకు నేనే అడ్డు

ఇలా చెబితే భయపెడుతున్నానని అనిపిస్తుంది. ఎదుటి పక్షం వాదన చాలా బలమైనది, దాన్ని చూడకుండా దాటలేను.

సీపీఎస్1 ప్రధానంగా కాలేయంలో పనిచేసే జన్యువు. ఆ మారిన అక్షరం ఉన్నది ప్రొటీన్‌ను నిర్దేశించని భాగంలో. రక్తకణంలో అక్కడ నాలుగు అక్షరాలు పోయినా ఏమీ కాకపోవచ్చు. పైగా ఎక్కించిన 18 కోట్ల కణాలలో చాలావరకు కొద్ది కాలంలోనే కనుమరుగవుతాయి. జీవితాంతం నిలిచి రక్తాన్ని తయారు చేసే అసలైన మూలకణాలు అందులో చిన్న వంతు. ఇంకా చెప్పాలంటే, ఎవరూ ముట్టుకోకపోయినా మన రక్త మూలకణాలలో ఒక్కొక్కదానిలో ఏటా పదిహేను ఇరవై మార్పులు వాటంతటవే చేరుతుంటాయి. ముప్పై ఏళ్ల మనిషి మూలకణంలో అప్పటికే కొన్ని వందలుంటాయి. ఆ కుప్పలో ఇంకొకటి చేరితే ప్రళయమా?

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. సహజంగా వచ్చే మార్పులు ఒక్కో కణంలో ఒక్కో చోట చెల్లాచెదురుగా పడతాయి. కాస్9 వేసే తప్పు కోత మాత్రం లక్షల కణాలలో ఒకే చోట పడుతుంది. ఆ చోటు హాని చేయనిదైతే లక్ష కణాలలోనూ చేయదు. హాని చేసేదైతే అవన్నీ ఒకేసారి అదే దారి పట్టే అవకాశం ఉంది. సీపీఎస్1 విషయంలో అదృష్టం మన పక్షాన ఉండి ఉండవచ్చు. తర్వాతి గైడ్‌కు ఏ జన్యువు తగులుతుందో వెతికితేనే తెలుస్తుంది.

ప్రయోజనం వైపు చూస్తే తూకం ఇంకా మొగ్గుతుంది. అమెరికా అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో, ఫలితం లెక్కించడానికి వీలైన 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలలపాటు తీవ్రమైన నొప్పి సంక్షోభాలు రాలేదు. ఎముకలు విరిచేస్తున్నట్టుండే ఆ నొప్పితో ఏటా పలుమార్లు ఆసుపత్రి పాలయ్యేవారు వాళ్లు. 2023 అక్టోబరు 31న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం సమావేశమైనప్పుడు చర్చ దాదాపు అంతా ఆఫ్ టార్గెట్ మీదే నడిచింది. జన్యు తేడాల కోణంలో చూడటానికి తీసుకున్న నమూనాల సంఖ్య సరిపోతుందా అన్నది ఎఫ్‌డీఏ లేవనెత్తిన సందేహం. ఈ ప్రయోజనం ముందు ఆ అపాయం అంగీకరించదగ్గదే అన్న వైపే సంఘం మొగ్గింది. నన్నడిగినా అదే చెబుతాను. అనుమతి ఇవ్వడం తప్పని నేను అనడం లేదు.

నేను అంటున్నది వేరు. అంగీకరించదగ్గ అపాయమా కాదా అన్నది నిర్ణయించేది ఎవరు? సలహా సంఘం జనాభా మొత్తం మీద తూకం వేస్తుంది. రోగి తన ఒక్క ఒంటి మీద వేసుకుంటాడు. అతనికి కావలసిన అంకె వేరు.

సంతకం పెట్టేచోట

ప్రసంగం తర్వాత కారిడార్‌లో, సమ్మతి గురించి అడిగిన ఆవిడతో కాసేపు మాట్లాడాను. ఆమె తమ్ముడికి ఈ వ్యాధి ఉంది. "నైతిక సమితి ఆమోదించిన పత్రం ఉంటుందన్నారు. పత్రం ఉంటుందని నాకూ తెలుసండీ, అందులో ఏమి రాస్తారో కదా నేనడిగింది" అన్నారు. ఆ మాటకు సభలో ఎవరూ జవాబు చెప్పలేదు.

ఏమి రాస్తారో ఊహించనక్కర లేదు, క్యాస్‌జెవీకి ఎఫ్‌డీఏ ఆమోదించిన సమాచార పత్రమే ఉంది. దాని సారం ఇది: ఆరోగ్యవంతులైన దాతల నుంచీ రోగుల నుంచీ తీసుకుని పరిశీలించిన కణాలలో ఆఫ్ టార్గెట్ సవరణ కనిపించలేదు. అయినా జన్యు తేడాల కారణంగా ఒక వ్యక్తి కణాలలో అది జరిగే అవకాశాన్ని కొట్టిపారేయలేం. జరిగితే దాని వైద్యపరమైన ప్రాధాన్యం ఏమిటో తెలియదు.

వాక్యం నిజాయితీగానే ఉంది. స్లైడు మీది సున్నా కంటే వెయ్యి రెట్లు నయం. కానీ దాన్ని రోగి చెవితో వినండి. ఏ మందు చీటీలోనైనా ఉండే 'అరుదుగా ఇతర దుష్ప్రభావాలు' లాగే వినిపిస్తుంది. "నీలాంటి వంశమూలాలు ఉన్నవారిలో పదకొండు మందిలో ఒకరికి ఉండే ఒక తేడా వల్ల, ఇలాంటి గైడ్ ఫలానా చోట కోసే వీలుందని ప్రయోగశాలలో తేలింది. నీకు ఆ తేడా ఉందో లేదో ఒక రక్త పరీక్షతో చెప్పవచ్చు" అంటే అది పూర్తిగా వేరే సమాచారం. మొదటి వాక్యం విని తలూపడం తప్ప ఏమీ చేయలేం. రెండోది వింటే పరీక్ష చేయించుకోవచ్చు, ఆగవచ్చు, కానివ్వండి అనవచ్చు. ఎవరికీ తెలియదని చెప్పి సంతకం తీసుకోవడం సరే. చూస్తే తెలిసేదాన్ని చూడకుండా 'తెలియదు' అని రాసి సంతకం తీసుకుంటే దాన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు.

ఈ చికిత్సలో సంతకం బరువు ఎక్కువ కావడానికి ఇంకో కారణముంది. మజ్జను ఖాళీ చేయడానికి ఇచ్చే బుసల్ఫాన్ వల్ల సంతాన సామర్థ్యం పోయే ప్రమాదం ఉంటుంది, అందుకే అండాలనో వీర్యాన్నో ముందే భద్రపరచుకోమంటారు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. మామూలు ట్రయల్ అయితే రోగి ఎప్పుడైనా తప్పుకోవచ్చని పత్రంలో రాస్తారు, మాత్ర మానేస్తే సరిపోతుంది. సవరించిన కణాలు ఒంట్లో చేరాక తప్పుకోవడమంటే తదుపరి పరీక్షలకు రావడం మానేయడమే, కణాలు మాత్రం వెనక్కి రావు. ట్రయల్‌లో పాల్గొన్నవారిని 15 ఏళ్ల వరకు గమనిస్తూ ఉంటారు. 12 ఏళ్లు నిండిన పిల్లలకు కూడా ఈ చికిత్సకు అనుమతి ఉంది. అంటే పన్నెండేళ్ల పిల్లవాడి తరఫున తల్లిదండ్రులు పెట్టే సంతకం, వాడికి ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా గమనించవలసిన నిర్ణయం మీద పెట్టే సంతకం.

సమ్మతిని శాస్త్రం నుంచి విడదీస్తే ఏమవుతుందో చెప్పే ఘోరమైన ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2018 నవంబరు 28న హాంకాంగ్ సదస్సులో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్, పిల్లలకు హెచ్‌ఐవీ సోకకూడదంటూ తాను చేసిన పిండ సవరణ గురించి స్లైడ్లు చూపించినప్పుడు, సభలో వచ్చినవి ఇంచుమించు ఈ మూడు ప్రశ్నలే. సమ్మతి ఎవరు తీసుకున్నారంటే, ఆ మాటలు తానే స్వయంగా మాట్లాడానన్నాడు. దంపతులకు ఇచ్చిన పత్రం ఆ పనిని ఎయిడ్స్ టీకా తయారీ ప్రాజెక్టుగా పేర్కొంది. పిల్లలకు దీనివల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు నిలిచే జవాబు రాలేదు, ఎందుకంటే తండ్రి నుంచి హెచ్‌ఐవీ సోకకుండా వీర్యాన్ని శుద్ధి చేసే పద్ధతి అప్పటికే ఉంది. క్యాస్‌జెవీని దాని పక్కన నిలబెట్టడం అన్యాయం, అది పద్ధతిగా ట్రయల్ జరిగి వచ్చిన చికిత్స. అయినా ఒక పోలిక మిగిలే ఉంది. అక్కడ కూడా ఆఫ్ టార్గెట్ స్లైడు ఉంది, ఫరవాలేదన్నట్టే చూపించారు. ఆ మాటను తల్లిదండ్రులకు వివరించిన మనిషీ, ప్రయోగం ఫలించాలని కోరుకున్న మనిషీ ఒకరే.

ఎవరికి అందుతుంది, ఎవరు మోస్తారు

కుర్రాడి ప్రశ్న ఖరీదు గురించే అయితే జవాబు పొట్టిది. అమెరికాలో క్యాస్‌జెవీ ప్రకటిత ధర 22 లక్షల డాలర్లు. ప్రపంచంలో సికిల్ సెల్‌తో పుట్టే పిల్లల్లో అత్యధికులు సహారా దిగువ ఆఫ్రికా దేశాలలో ఉన్నారు. అక్కడ మజ్జ మార్పిడి చేయగల కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అదే పిండ హీమోగ్లోబిన్‌ను కొంతవరకు పెంచే హైడ్రాక్సీయూరియా అనే చవక మాత్ర ఏళ్లుగా ఉంది, అది కూడా చాలామందికి సక్రమంగా అందడం లేదు. ఇదంతా తెలిసినదే, ఎక్కువ చెప్పను.

నాకు ఆసక్తి కలిగించేది ప్రయోజనం పంపకం కాదు, అనిశ్చితి పంపకం. ఇదే క్యాస్‌జెవీని 2024 జనవరిలో అమెరికా బీటా థలసీమియాకు కూడా అనుమతించింది. గైడ్ అదే, కాస్9 అదే. బీటా థలసీమియా మధ్యధరా ప్రాంతంలోనూ ఆసియాలోనూ ఎక్కువ. ఆ సీపీఎస్1 తేడా ఆఫ్రికా మూలాలు లేనివారిలో అరుదు. కాబట్టి ఒకే స్లైడు మీది ఒకే సున్నా, ఒక రోగికి గట్టి హామీ, మరొక రోగికి సడలిన హామీ. ఇద్దరి చేతిలోనూ ఒకే పత్రం పెడుతున్నాం.

ఇది ఎవరో కుట్ర చేసి పెట్టినది కాదు. జన్యు సమాచార భాండాగారాలలో ఐరోపా మూలాల వారి వాటా మొదటి నుంచీ ఎక్కువ. ఆఫ్రికా మూలాలవారిలో జన్యు వైవిధ్యం ఎక్కువ, అంటే ఎంత ఎక్కువ మందిని చదివితే అంత ఎక్కువ కొత్త తేడాలు బయటపడతాయి. చదివింది తక్కువ, తేడాలు ఎక్కువ. ఏ వ్యాధి బాధితులు ఎక్కువగా ఆ సమూహంలో ఉన్నారో, ఆ వ్యాధి చికిత్సకే ఈ లోటు తగిలింది. బీసీఎల్11ఏకూ పిండ హీమోగ్లోబిన్‌కూ ఉన్న సంబంధాన్ని 2008 ప్రాంతంలో స్థిరపరచిన అధ్యయనాలలో సికిల్ సెల్ రోగులిచ్చిన రక్త నమూనాలూ ఉన్నాయి. గురి ఎక్కడ పెట్టాలో చెప్పడానికి వాళ్ల రక్తం సాయపడింది. గురి ఎక్కడ తప్పుతుందో చూసేటప్పుడు వాళ్లలో ఎంతమందిని చూశారని అడగడం పెద్ద కోరిక కాదు.

ఖర్చు సాకు కూడా నిలవదు. ఒక మనిషి జీనోమ్ మొత్తం చదవడానికి ఇప్పుడు వెయ్యి డాలర్లు కూడా అవసరం లేదు. 22 లక్షల డాలర్ల చికిత్సలో అది రెండు వేలవ వంతు కంటే తక్కువ. రోగి కణాలు ఎలాగూ తీస్తున్నారు. వాటిలో కొన్ని చదివి, ఆ ఒక్క మనిషి జీనోమ్‌లోనే గైడ్‌కు పోలిన చోట్లు వెతికితే, రిఫరెన్స్ ఎవరిదన్న పేచీ చాలావరకు తీరిపోతుంది.

ఇదే మాట వక్తకు ఉత్తరంగా రాశాను. ఆయన మర్యాదగా, వివరంగా జవాబిచ్చారు. ఆ జవాబులో నన్ను ఆలోచింపజేసిన ప్రశ్న ఒకటుంది. "మీరన్నట్టు ప్రతి రోగినీ చదివాం అనుకుందాం. ఒకరిలో అలాంటి తేడా కనిపించింది. ఇప్పుడేం చేయాలి? చికిత్స ఇవ్వం అంటే, ఎవరి కోసం మీరు వాదిస్తున్నారో వాళ్లనే గుమ్మం బయట నిలబెట్టినట్టు అవుతుంది. ఇస్తాం అంటే, తెలిసి ఎందుకిచ్చారని రేపు అడుగుతారు. చదవకపోతే ఈ ఇరకాటమే లేదు."

చివరి వాక్యం ఆయన సరదాకి రాశారేమో కానీ, చాలా సంస్థలు మాట్లాడకుండా పాటించేది అదే అని నా అనుమానం. చూడకపోతే బాధ్యత ఉండదు. మొదటి సగం మాత్రం నిజమైన చిక్కు. తేడా ఉన్నవాళ్లను పక్కన పెట్టే నియమంగా ఇది మారితే, నేనే ఈ పరీక్షకు వ్యతిరేకంగా మరో వ్యాసం రాయాల్సి వస్తుంది.

నా జవాబు ఇలా రాశాను. తేడా కనిపిస్తే చికిత్స ఆపకండి, రోగికి చెప్పండి. సీపీఎస్1 లాంటి చోటే అయితే, చాలామంది విని కూడా ఒప్పుకుంటారు, ఒప్పుకోవడంలో తెలివితక్కువ ఏమీ లేదు. ఎక్కించే ముందు ఆ రోగి సవరించిన కణాలలో ఆ చోటునూ, తలకిందులైన అతుకునూ ప్రత్యేకంగా కొలవండి. తర్వాత 15 ఏళ్ల పరీక్షల్లో ఆ గుర్తున్న కణాల వాటా పెరుగుతోందా, స్థిరంగా ఉందా అన్నది ఏటా చూడండి. పెరుగుతుంటే ముందే తెలుస్తుంది, ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి. కొత్తగా తయారయ్యే చికిత్సలలో కచ్చితమైన కాస్9 రకాన్ని మొదటి నుంచీ పరీక్షించండి, అనుమతి వచ్చాక ప్రొటీన్ మార్చాలంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇక ఆ స్లైడు మీద సున్నా పక్కన మూడు చిన్న వివరాలు చేర్చండి: ఎంతమంది కణాలలో చూశారు, వాళ్ల వంశమూలాలు ఏమిటి, ఎంత తక్కువ వరకు కనిపెట్టగల పరీక్ష అది.

చివరిది చేరుస్తానన్నారు. మిగతా వాటికి తన చేతిలో ఏమీ లేదని, కంపెనీలూ నియంత్రణ సంస్థలూ తేల్చాలని రాశారు. కారిడార్‌లో కలిసిన ఆవిడకు ఆ ఉత్తరం పంపాను. తమ్ముడి వైద్యుడిని అడగడానికి ఆమె అందులోంచి ఒక ప్రశ్న ఎత్తి రాసుకున్నారు: మా వాడి జీనోమ్‌లో వెతికారా?